హైదరాబాద్‌కు టికెట్టు దొరికింది... స్టేషన్ ఏది?

చెన్నై సెంట్రల్ నుంచి హైదరాబాద్ వచ్చే 12603 నంబరు రైలు చాలాకాలం నాంపల్లి దాకా వచ్చేది. 2025 మార్చిలో దాన్ని చర్లపల్లి దగ్గరే ఆపేశారు. తిరుగు రైలు 12604 కూడా అక్కడి నుంచే బయలుదేరుతోంది. పాత అలవాటు కొద్దీ సామాన్లతో నాంపల్లి స్టేషన్‌కు వెళ్లినవాళ్లకు చర్లపల్లి నగరానికి మరో చివర ఉంది. సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడి దాకా చేరేసరికి రైలు వెళ్లిపోతుంది. షాలిమార్ వెళ్లే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌ను, సికింద్రాబాద్ నుంచి నడిచే గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్‌ను కూడా అప్పుడే చర్లపల్లికి మార్చారు. రైలు పేరు అదే, నంబరు అదే. మారింది ఎక్కే చోటు ఒక్కటే. రైలు తప్పిపోవడానికి ఆ ఒక్కటి చాలు.

హైదరాబాద్ వచ్చేవాళ్లకు, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు ఇప్పుడు ప్రధానంగా ఐదు స్టేషన్లు ఉన్నాయి. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి. వీటికి తోడు బేగంపేట, మల్కాజిగిరి వంటి చోట్ల కూడా కొన్ని దూరప్రయాణ రైళ్లు ఆగుతాయి. ఊరు ఒక్కటే కదా, ఎక్కడ దిగినా ఒకటేననుకుంటే గంటన్నర సమయం, నాలుగైదు వందల ఆటో ఖర్చు అదనంగా పడుతుంది. స్టేషన్‌ను ఊరి పేరు చూసో, అలవాటును బట్టో ఎంచుకోకూడదు. రైలు ఏ దిక్కు నుంచి వస్తుందో, మన ఇల్లు ఏ దిక్కున ఉందో చూసి ఎంచుకోవాలి. ఎంచుకున్నాక టికెట్టు మీద పేరును కాదు, కోడ్‌ను చదవాలి. ఈ రెండు పనులూ ఎలా చేయాలో వివరంగా చూద్దాం.

నగరానికి ఐదు వాకిళ్లు

ఇన్ని స్టేషన్లు ఒక పథకం ప్రకారం కట్టినవి కావు. వాడి నుంచి వచ్చిన నిజాం కాలపు రైలు మార్గం 1874లో సికింద్రాబాద్ చేరింది. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది. కాచిగూడ 1916లో, అప్పటి మీటర్ గేజ్ రైళ్ల కోసం కట్టింది. గేజ్ వేరు కావడంతో అక్కడి రైళ్లు వేరు, ఇక్కడి రైళ్లు వేరుగా ఉండేవి. తర్వాత అన్నీ బ్రాడ్ గేజ్ అయ్యాయి. అయినా ఏ వైపు రైళ్లు ఏ స్టేషన్‌కు వస్తాయన్నది చాలావరకు ఆ పాత మార్గాలను బట్టే సాగుతోంది. సికింద్రాబాద్‌లో రద్దీ మితిమీరాక తూర్పున చర్లపల్లిని పెద్ద టెర్మినల్‌గా కట్టి 2025 జనవరి 6న ప్రారంభించారు.

నగరంలోకి రైళ్లు ఐదు వైపుల నుంచి వస్తాయి. మొదటిది ఈశాన్యం నుంచి వచ్చే వరంగల్, కాజీపేట లైను. ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి మీదుగా అది సికింద్రాబాద్ చేరుతుంది. విజయవాడ, విశాఖ, ఢిల్లీ వైపు రైళ్లలో ఎక్కువ భాగం ఈ దారినే వస్తాయి. రెండోది గుంటూరు, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా వచ్చే లైను. అది బీబీనగర్ దగ్గర మొదటిదానితో కలిసిపోతుంది. అందుకని గుంటూరు వైపు నుంచి ఈ దారిలో వచ్చే రైలు కూడా చర్లపల్లిని దాటుకునే నగరంలోకి రావాలి.

మూడోది దక్షిణం నుంచి. కర్నూలు, గద్వాల, మహబూబ్‌నగర్, షాద్‌నగర్ దాటి, ఫలక్‌నుమా మీదుగా కాచిగూడకు వచ్చే దారి ఇది. నాలుగోది పడమర నుంచి. వాడి, తాండూరు, వికారాబాద్ మీదుగా లింగంపల్లికి, అక్కడి నుంచి బేగంపేటకు వచ్చే దారి. ముంబై, రాయచూరు వైపు నుంచి వచ్చే రైళ్లకు ఇదే వాకిలి. ఐదోది ఉత్తరం నుంచి. నిజామాబాద్, కామారెడ్డి, మేడ్చల్, బొల్లారం మీదుగా మల్కాజిగిరికి వచ్చి, అక్కడి నుంచి కొన్ని రైళ్లు కాచిగూడకు, కొన్ని సికింద్రాబాద్‌కు వెళతాయి.

ఈ ఐదు వాకిళ్లూ గుర్తుంటే చాలా ప్రశ్నలకు జవాబు తేలిగ్గా దొరుకుతుంది. తూర్పు నుంచి వచ్చి లింగంపల్లి దాకా వెళ్లే రైలు మొత్తం నగరాన్ని దాటుకుంటూ పోతుంది కాబట్టి మధ్యలో దిగే వీలుందో లేదో చూసుకోవాలి. దక్షిణం నుంచి వచ్చి కాచిగూడలో ఆగిపోయే రైలు చర్లపల్లి ముఖమే చూడదు. నాంపల్లి అయితే చివరి స్టేషన్. దాని తర్వాత పట్టాలు లేవు. అక్కడికి వచ్చే రైళ్లు బేగంపేట వైపు నుంచో, సికింద్రాబాద్ వైపు నుంచో రావలసిందే.

తిరుపతి ఒకటే, దారులు మూడు

తిరుపతి నుంచి హైదరాబాద్ వచ్చే రైళ్లను ఉదాహరణగా తీసుకుందాం. స్వామి దర్శనం చేసుకుని ఒకే రోజు మూడు కుటుంబాలు తిరుగు ప్రయాణం కట్టాయనుకుందాం. ఒకరిది దిల్‌సుఖ్‌నగర్, ఇంకొకరిది చందానగర్, మూడోవారిది ఈసీఐఎల్.

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ చిత్తూరులో బయలుదేరి తిరుపతి మీదుగా కడప, కర్నూలు, మహబూబ్‌నగర్ దాటి కాచిగూడ చేరుతుంది. అంటే దక్షిణ వాకిలి. నారాయణాద్రి నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, నల్గొండ తిరిగి బీబీనగర్ మీదుగా తూర్పు నుంచి నగరంలోకి వచ్చి, పడమటి చివరన లింగంపల్లిలో ఆగుతుంది. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ కడప, గుంతకల్లు, రాయచూరు, వాడి, తాండూరు మీదుగా పడమర నుంచి వస్తుంది. దాని చివరి స్టేషన్ హైదరాబాద్‌లో లేదు. నగరాన్ని దాటి నిజామాబాద్ దాకా వెళుతుంది. ముగ్గురూ ఎక్కింది తిరుపతిలోనే అయినా ముగ్గురూ నగరంలోకి వచ్చేది మూడు వేర్వేరు దిక్కుల నుంచి.

దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు వెంకటాద్రి కంటే మంచిది లేదు. కాచిగూడలో దిగి ఆటో ఎక్కితే తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉండగానే ఇల్లు చేరతారు. అదే కుటుంబం నారాయణాద్రిలో లింగంపల్లి దాకా వెళితే తమ ఇంటిని వెనక్కి వదిలేసి, నగరం అడ్డంగా మళ్లీ తిరిగి రావాలి. చందానగర్ వాళ్లకు సరిగ్గా దీనికి తలకిందులు. నారాయణాద్రిలో చివరి స్టేషన్ దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు. దిగే చోటు దాటిపోతుందన్న భయం కూడా ఉండదు. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ కూడా వాళ్లకు బాగానే సరిపోతుంది, కాకపోతే అది పడమర నుంచి వస్తుంది కాబట్టి లింగంపల్లి నగరంలోకి వచ్చీ రాగానే తగులుతుంది. నిద్రలో దాటిపోకుండా చూసుకోవాలి. రైలు నిజామాబాద్ దాకా పోతుంది కాబట్టి అది ఎవరి కోసమూ ఆగిపోదు.

ఈసీఐఎల్ వాళ్ల విషయంలో ఇంకాస్త ఆలోచన కావాలి. వాళ్లకు చర్లపల్లి స్టేషన్ దగ్గర. తూర్పు నుంచి వచ్చే ప్రతి రైలూ ఆ స్టేషన్ మీదుగానే వెళుతుంది. కానీ మీదుగా వెళ్లడం వేరు, ఆగడం వేరు. ఫలానా రైలు చర్లపల్లిలో ఆగుతుందో లేదో టైంటేబుల్లో చూసుకోవాలి. ఆగితే అక్కడే దిగాలి. ఆగకపోతే తర్వాత ఏ స్టేషన్‌లో ఆగుతుందో చూసి దానికి తగ్గట్టు బండి మాట్లాడుకోవాలి. పట్టాలు మన వీధి పక్కనుంచే పోతున్నా, రైలు ఆగకపోతే మనకు ఉపయోగం లేదు.

ఇంటి నుంచి స్టేషన్ దాకా

ఎక్కే స్టేషన్‌ను ఎంచుకునేటప్పుడు చాలామంది కిలోమీటర్లు చూస్తారు. హైదరాబాద్‌లో కిలోమీటర్ల కంటే దారి ముఖ్యం. మియాపూర్‌లో ఉన్నవాళ్లు విశాఖ వెళ్లాలనుకోండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో బయలుదేరి సికింద్రాబాద్ మీదుగా పోతుంది. ఎక్కువమంది సికింద్రాబాద్‌లో ఎక్కాలనే అనుకుంటారు. కానీ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో నాంపల్లి మీదుగానే పోతుంది. ఎక్కడా దిగి మారనక్కర లేదు. సికింద్రాబాద్‌కు వెళ్లాలంటే అమీర్‌పేటలో పెట్టెలు, సంచులు మోసుకుని మెట్లెక్కి మరో మెట్రో పట్టుకోవాలి. పైగా నాంపల్లి రైలు మొదలయ్యే చోటు. కాబట్టి ప్లాట్‌ఫాం మీదకు రైలు ముందే వచ్చి ఆగుతుంది. పెద్దవాళ్లను, పిల్లలను ఎక్కించి, సామాన్లు సర్దుకోవడానికి తీరిక ఉంటుంది. సికింద్రాబాద్‌లో కొద్ది నిమిషాలే ఆగుతుంది.

ఉప్పల్ వాళ్లకు లెక్క మారుతుంది. నాగోల్, ఉప్పల్ మీదుగా వచ్చే మెట్రో సికింద్రాబాద్ ఈస్ట్‌లో స్టేషన్ ముందే దింపుతుంది. కాబట్టి వాళ్లకు సికింద్రాబాద్ సుఖం. బేగంపేట స్టేషన్‌కు కూడా పక్కనే మెట్రో ఉంది. కాచిగూడకు మాత్రం ఆనుకుని మెట్రో లేదు. లింగంపల్లికి మియాపూర్ దాకానే మెట్రో, అక్కడి నుంచి ఆటోనో బస్సో చూసుకోవాలి. చర్లపల్లికి మెట్రో రాలేదు. ఘట్‌కేసర్ నుంచి చర్లపల్లి, మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ రైళ్లు 2024 మార్చిలో మొదలయ్యాయి గానీ, వాటి సంఖ్య తక్కువ. ఎంఎంటీఎస్ వేళ, మన రైలు వేళ కలిస్తేనే దాన్ని నమ్ముకోవాలి. లేదంటే చర్లపల్లి వెళ్లేవాళ్లు రోడ్డు ప్రయాణానికే సమయం ఉంచుకోవాలి.

తెల్లవారుజామున దిగేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మెట్రో ఉదయం ఆరు ప్రాంతంలో మొదలవుతుంది. నాలుగున్నరకు దిగినవాళ్లకు మెట్రో ఉన్న స్టేషన్‌కూ, లేని స్టేషన్‌కూ పెద్ద తేడా ఉండదు. అప్పుడు ఇంటికి దగ్గరి స్టేషన్‌నే ఎంచుకోవాలి.

సికింద్రాబాద్‌లో ఎక్కేవాళ్లకు స్టేషన్ తెలిసినంత మాత్రాన సరిపోదు, వైపు కూడా తెలియాలి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు ఒక ద్వారం, పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు భోయిగూడలో మరో ద్వారం ఉన్నాయి. క్యాబ్ మాట్లాడుకునేటప్పుడు భోయిగూడ వైపా, ముందు వైపా అన్నది చెప్పకపోతే, దిగిన తర్వాత సామాన్లతో పాదచారుల వంతెన మొత్తం నడవాల్సి వస్తుంది.

తెర మీద ఏం కనిపిస్తోంది?

పొరపాట్లు ఎక్కువగా జరిగేది టికెట్టు కొనేటప్పుడే. ఐఆర్‌సీటీసీలో హైదరాబాద్ అని కొట్టి HYB ఎంచుకున్నామనుకోండి. అది నాంపల్లి స్టేషన్ కోడ్. అక్కడ నాంపల్లి అన్న పేరు కనిపించదు, హైదరాబాద్ డెక్కన్ అని ఉంటుంది. వెతికితే వచ్చే జాబితాలో మాత్రం నాంపల్లి రైళ్లే ఉండవు. ఊరు ఒకటే కాబట్టి సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి, లింగంపల్లి రైళ్లు కూడా అందులోనే కలిపి చూపిస్తుంది. ఇది మంచి సౌకర్యమే. కానీ మనం HYB అని కొట్టాం కాబట్టి వచ్చినవన్నీ అక్కడివే అనుకుని సీటు ఖాళీగా ఉన్న మొదటి రైలుకు టికెట్టు తీసేస్తాం. రైలు పేరు కింద, బయలుదేరే సమయం పక్కన ఉండే స్టేషన్ పేరును చదవం. డబ్బు కట్టేముందు ఆ ఒక్క గీతను చదవడమే అసలు జాగ్రత్త.

హైదరాబాద్‌కు గుర్తుంచుకోవలసిన కోడ్‌లు ఇవి. సికింద్రాబాద్ SC, నాంపల్లి HYB, కాచిగూడ KCG, లింగంపల్లి LPI, చర్లపల్లి CHZ, బేగంపేట BMT, మల్కాజిగిరి MJF. వీటిలో మీరు తరచూ వాడే రెండు మూడు కంఠతా వస్తే చాలు.

టికెట్టు వచ్చాక దాని మీద పై భాగంలో మూడు మాటలు పక్కపక్కనే ఉంటాయి. Booked From, Boarding At, To. మొదటిది చార్జీ లెక్కగట్టిన స్టేషన్. రెండోది మీరు రైలెక్కవలసిన స్టేషన్. మూడోది మీ టికెట్టు చెల్లే చివరి స్టేషన్. చాలా టికెట్లలో మొదటి రెండూ ఒకటే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏజెంటు సీటు దొరకడం కోసం వెనకటి స్టేషన్ నుంచి టికెట్టు తీసి, ఎక్కే చోటును మీ ఊరికి మార్చి ఇచ్చినప్పుడు ఆ రెండూ వేరవుతాయి. అప్పుడు చూడవలసింది Boarding At. బయలుదేరే సమయం కూడా ఆ స్టేషన్‌దేనా అని సరిచూసుకోవాలి.

ఎక్కే చోటును మార్చుకునే వీలు మనకూ ఉంది. అయితే దానికి మూడు హద్దులున్నాయి. రైలు వెళ్లే దారిలో ముందున్న స్టేషన్‌కే మార్చుకోగలం, వెనక్కి కుదరదు. నాంపల్లి నుంచి తీసిన టికెట్టును సికింద్రాబాద్‌లో ఎక్కేలా మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి తీసిన టికెట్టుతో నాంపల్లిలో ఎక్కడం కుదరదు. మార్పు ముందుగానే చేసుకోవాలి, రైలు కదిలే సమయానికి గుర్తొస్తే లాభం లేదు. ఒకసారి మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. ఇవేవీ చేయకుండా తర్వాతి స్టేషన్‌లో ఎక్కేద్దాంలే అనుకుంటే, మీరు రాలేదని టీటీఈ ఆ బెర్తును ఆర్ఏసీలో ఉన్నవారికి ఇచ్చేయవచ్చు.

దిగే విషయంలో నియమం మనకు అనుకూలంగా ఉంటుంది. లింగంపల్లి దాకా టికెట్టు ఉన్నవాళ్లు ముందే ఆగే చర్లపల్లిలోనో, సికింద్రాబాద్‌లోనో దిగిపోవచ్చు, ఎవరూ అడగరు. చర్లపల్లి దాకా టికెట్టు తీసి లింగంపల్లి దాకా కూర్చుంటే మాత్రం అది టికెట్టు లేని ప్రయాణమే. అమ్మానాన్నలకు టికెట్టు తీసేటప్పుడు వాళ్లు కొడుకింటికి వెళతారో కూతురింటికి వెళతారో తేలకపోతే, ఉన్నవాటిలో దూరపు స్టేషన్ దాకా తీయడం నయం. చార్జీలో తేడా స్వల్పం. చివరి నిమిషంలో మనసు మార్చుకునే వీలు మాత్రం మిగులుతుంది.

కోడ్‌లు పాతవి, పేర్లు కొత్తవి

స్టేషన్ కోడ్‌ల వెనక బ్రిటిష్ కాలం నాటి పేర్లు దాగి ఉంటాయి. విజయవాడ కోడ్ BZA, అది బెజవాడ. కాకినాడ టౌన్ CCT, కాకినాడ పోర్ట్ COA, రెండూ పాత కొకనాడ నుంచి వచ్చినవి. చెన్నై సెంట్రల్ MAS, అది మద్రాసు. ఊరి పేరు మారినా కోడ్ మారలేదు కాబట్టి, ఇప్పటి పేరును బట్టి కోడ్ ఊహించి కొడితే తప్పు స్టేషన్ రావచ్చు.

దీనికి అందరూ తెలుసుకోవలసిన ఉదాహరణ CHE. చూడగానే చెన్నై అనిపిస్తుంది. అది శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కోడ్. పాత పేరు చికాకోల్ నుంచి వచ్చింది. ఆ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళం పట్నంలో కాదు, ఆమదాలవలసలో. విశాఖ నుంచి చెన్నై వెళ్లాలనుకున్నవాళ్లు కంగారులో CHE కొడితే ఎదురు దిక్కు రైళ్లు వస్తాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే మరికొన్ని జంటలు కనిపిస్తాయి. గుంటూరు GNT, గుంతకల్లు GTL. గూడూరు GDR, గుడివాడ GDV. నర్సాపురం NS, నరసరావుపేట NRT. కోడ్‌లో చిన్న పొరపాటుతో వంద కిలోమీటర్లకు పైగా తేడా వచ్చే జంటలు ఇవి. భీమవరం టౌన్ BVRT, భీమవరం జంక్షన్ BVRM అయితే ఒకే ఊళ్లో ఉన్నాయి. కాకినాడ పోర్ట్, టౌన్ కూడా అంతే. ఇక్కడ ప్రమాదం ఊరు తప్పడం కాదు. ఒక స్టేషన్‌లో మీ కోసం కారు ఆగి ఉండగా, మీరు ఇంకో స్టేషన్‌లో ఎదురు చూస్తుండటం.

ఇంకోరకం స్టేషన్లలో రోడ్ అన్న మాట ఉంటుంది. ఆ ఊరికి వెళ్లే రోడ్డు అక్కడ మొదలవుతుందని దాని అర్థం, ఊరు అక్కడుందని కాదు. భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. రాములవారి గుడి అక్కడి నుంచి దాదాపు నలభై కిలోమీటర్లు. రైలు దిగి నడిచి గుడికి వెళదామనుకునే కొత్తవాళ్లకు ఆ విషయం టికెట్టు చెప్పదు.

అందుకని పేరు చూసి ఎంచుకోవాలి, కోడ్ చూసి ఖాయం చేసుకోవాలి. తెర మీద పూర్తి పేరు కొడితే వచ్చే జాబితా నుంచి స్టేషన్ తీసుకోండి. సొంతంగా కోడ్ ఊహించి కొట్టకండి. ఆ తర్వాత ఆ పేరు పక్కనున్న కోడ్, టికెట్టు మీది కోడ్ ఒకటేనా అని చూసుకోండి.

మధ్యలో స్టేషన్ మారితే

అన్నీ సరిగ్గా చూసుకుని టికెట్టు తీసినా, ప్రయాణం నాటికి రైలే దారి మార్చుకోవచ్చు. విశాఖ నుంచి లింగంపల్లి వచ్చే జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌ను 2025 ఏప్రిల్‌లో చర్లపల్లి, అమ్ముగూడ, సనత్‌నగర్ మీదుగా మళ్లించారు. దాంతో అది సికింద్రాబాద్, బేగంపేట రాకుండానే లింగంపల్లి వెళ్లసాగింది. ఏళ్ల తరబడి సికింద్రాబాద్‌లో ఆ రైలెక్కినవాళ్లందరూ స్టేషన్ మార్చుకోవలసి వచ్చింది. అదే ఏడాది సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని ప్లాట్‌ఫాంలు మూసి, చాలా రైళ్లను తాత్కాలికంగా మిగతా స్టేషన్లకు పంపారు. ఇలాంటి పనులు జరుగుతున్నంత కాలం నిరుటి అనుభవం పనికిరాదు. ఈ వ్యాసంలో చెప్పిన రైళ్లను కూడా ప్రయాణానికి ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

మార్పు జరిగితే రైల్వే ఫోనుకు సందేశం పంపుతుంది. అది అందకపోవడానికి ముఖ్య కారణం ఒకటే. టికెట్టు తీసినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు ఏజెంటుదో, టికెట్టు తీసిపెట్టిన మేనల్లుడిదో అయి ఉంటుంది. సందేశం వాళ్లకు వెళుతుంది, వాళ్లు చూడరు, మనకు చెప్పరు. టికెట్టు ఎవరు తీసినా, ప్రయాణించేవారిలో ఒకరి నంబరు ఇవ్వాలని పట్టుబట్టండి. బయలుదేరే ముందురోజు ఒకసారి, ఇంటి గడప దాటే ముందు ఇంకోసారి, రైల్వేవారి ఎన్‌టీఈఎస్‌లో రైలు నంబరు కొట్టి చూడండి. యాప్ వాడటం రానివారు 139కి ఫోన్ చేసి అడగవచ్చు. అడగవలసింది రైలు ఎన్ని గంటలకని మాత్రమే కాదు. ఏ స్టేషన్ నుంచి బయలుదేరుతోందో, మన స్టేషన్‌లో ఆగుతుందో లేదో కూడా అడగాలి.

మళ్లింపు వల్ల రైలు మీరు ఎక్కే స్టేషన్‌కు గానీ దిగే స్టేషన్‌కు గానీ రాకపోతే, అందువల్ల మీరు ప్రయాణం మానుకుంటే, టికెట్టు డబ్బు వాపసు కోరే హక్కు మీకుంది. ఇందుకు ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ అనే దరఖాస్తు పెట్టాలి. అందులో కారణాల జాబితాలో రైలు మళ్లింపు కూడా ఉంటుంది. టికెట్టును మామూలుగా రద్దు చేసేస్తే మాత్రం రద్దు చార్జీలు కోత పడతాయి. కాబట్టి కంగారుపడి రద్దు నొక్కకుండా సరైన కారణం ఎంచుకోవాలి. టీడీఆర్‌కు గడువు ఉంటుంది, ఆలస్యం చేయకూడదు.

బెంగళూరు, చెన్నై వెళితే

ఇదే పద్ధతి పక్క రాష్ట్రాల రాజధానుల్లోనూ పనిచేస్తుంది. మన ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కువగా వెళ్లే బెంగళూరులో మూడు పెద్ద స్టేషన్లున్నాయి. మెజెస్టిక్ దగ్గర కేఎస్ఆర్ బెంగళూరు, కోడ్ SBC. వాయవ్యాన యశ్వంతపూర్, YPR. తూర్పున సర్ ఎం విశ్వేశ్వరయ్య టెర్మినల్, SMVB. ఈ మూడోది 2022 జూన్‌లో మొదలైంది. అది బైయప్పనహళ్లి ప్రాంతంలో ఉంది కాబట్టి అందరూ దాన్ని బైయప్పనహళ్లి స్టేషన్ అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. బైయప్పనహళ్లి పేరుతో BYPL కోడ్‌తో వేరే చిన్న రైల్వే స్టేషన్ ఉంది. ఆ పేరుతోనే మెట్రో స్టేషనూ ఉంది. పెద్ద టెర్మినల్ వాటి పక్కన లేదు, దూరంగా ఉంది. మెట్రోలో బైయప్పనహళ్లి దిగి ఎదురుగా రైలు కనిపిస్తుందనుకుంటే కుదరదు. అక్కడి నుంచి ఆటోనో ఫీడర్ బస్సో పట్టుకోవాలి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండేవాళ్లు తమ రైలు కృష్ణరాజపురంలో ఆగుతుందేమో కూడా చూసుకోవాలి. దాని కోడ్ KJM. చాలాసార్లు వాళ్లకు అదే దగ్గర.

చెన్నైలో సెంట్రల్ MAS, ఎగ్మోర్ MS. ఒక్క అక్షరమే తేడా. స్టేషన్లు మాత్రం దగ్గరే, మధ్యలో మెట్రో ఒక్క స్టాపు. కాబట్టి ఇక్కడ తప్పు జరిగినా కాస్త సమయం చేతిలో ఉంటే సర్దుకోవచ్చు. తాంబరం విషయంలో అలా కుదరదు. హైదరాబాద్ నుంచి వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు తాంబరం దాకా వెళుతుంది. తాంబరం నగరానికి దక్షిణపు చివర, TBM కోడ్‌తో ఉంది. ఆ రైలుకు సెంట్రల్‌కు వెళ్లి నిలబడితే రైలు దొరకదు.

పెద్దవాళ్లను పంపేటప్పుడు

ఒంటరిగా ప్రయాణం చేసే తల్లిదండ్రులకు ఫోనులో టికెట్టు పంపి ఊరుకుంటే సరిపోదు. అమ్మకు తెనాలిలో రైలెక్కిస్తున్నారు, మీరు ఉప్పల్‌లో ఉన్నారు. "సికింద్రాబాద్ వచ్చాక దిగమ్మా" అని చెబుతాం. దారిలో చర్లపల్లి రాగానే బోగీ సగం ఖాళీ అవుతుంది. పక్కవాళ్లు "ఇదే హైదరాబాద్ అండీ, దిగండి" అంటారు. వాళ్లు చెప్పింది తప్పు కాదు, వాళ్ల ఇల్లు అటు కాబట్టి. ఆమె దిగిపోతుంది, మీరు సికింద్రాబాద్‌లో చూస్తుంటారు.

అందుకని కాగితం మీద తెలుగులో నాలుగు విషయాలు రాసిచ్చి పర్సులో పెట్టించండి. రైలు నంబరు. ఎక్కే స్టేషన్ పూర్తి పేరు. దిగే స్టేషన్ పూర్తి పేరు, దాని ముందు ఆగే స్టేషన్ పేరు. దిగాక ఏ ద్వారం వైపు రావాలో. ముందు ఆగే స్టేషన్ పేరు రాయడం చాలా ఉపయోగం. అది దాటగానే సామాన్లు సర్దుకోవాలని ఆమెకు తెలుస్తుంది, అది మన స్టేషన్ కాదనీ తెలుస్తుంది. మీరు ఎన్‌టీఈఎస్‌లో రైలును చూస్తూ ఉండి, ఆ ముందు స్టేషన్ దాటగానే ఒక ఫోన్ చేయండి. పది నిమిషాల ముందు వచ్చే ఆ ఒక్క ఫోనుతో ఆమెకు ఎవరినీ అడగవలసిన అవసరం ఉండదు.